నాలుగో పాఠం: పొడి సీసా, పాత సీడీ4

మూడో పాఠం చివర ఒక చిన్న ప్రశ్న ఇచ్చాను. హెచ్‌ఐవీ వల్ల సీడీ4, అంటే రోగనిరోధక కణాల సంఖ్య, 140కి తగ్గిన మనిషిని వీధికుక్క పిక్క మీద కరిచింది. ఈరోజు రేబిస్ టీకా వేయాలా, ఆపాలా? రాయగడ, గునుపురం వైపు నుంచి వచ్చిన జవాబుల్లో సగానికి పైగా "ఆపాలి" అన్నారు. కారణం కూడా ఒకేలా రాశారు: "పొడి టీకా కదా, నీళ్లు కలిపి వేస్తాం కదా, కాబట్టి అది లైవ్."

లైవ్, అంటే బతికున్న వైరస్ ఉన్న టీకా, నిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ప్రమాదం కావొచ్చు, అది నిజమే. కానీ ఈ "పొడి అంటే లైవ్" అన్న అడ్డదారి ఎవరు నేర్పారో గానీ, దాన్ని ఈరోజుతో వదిలించాలి. అందుకే ఈ పాఠంలో కొత్త టీకాల జోలికి పెద్దగా వెళ్లను.

టీకాను పొడిగా ఎండబెట్టేది నిలవ కోసం. అందులోని వైరస్ బతికుందా, చచ్చిందా అన్నదానికీ పొడికీ సంబంధం లేదు. మన దగ్గర వాడే రేబిస్ టీకాల్లో ఎక్కువ భాగం పొడిగానే వస్తాయి, అయినా వాటిలో ఉన్నది చంపిన వైరస్. సర్పి అని కొందరు పిలిచే హెర్పిస్ జోస్టర్‌కు వచ్చిన కొత్త టీకా కూడా పొడే, అందులో అసలు వైరస్సే లేదు, దాని ప్రోటీన్ ఒక్కటి ఉంటుంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు కూడా పొడే, కానీ వాటిలో బలహీనపరచిన వైరస్ బతికే ఉంటుంది. పోలియో చుక్కలు చూడండి, ద్రవమే, అయినా లైవ్.

కాబట్టి సీసా ఆకారం చూడకండి. లేబుల్ మీద పేరు పక్కన చిన్న అక్షరాల్లో "లైవ్" లేదా "అటెన్యుయేటెడ్" అని ఉంటే బతికున్నది. "ఇనాక్టివేటెడ్", "రీకాంబినెంట్", "కాంజుగేట్", "పాలీశాకరైడ్", "టాక్సాయిడ్" వీటిలో ఏది ఉన్నా బతికున్నది కాదు. లేబుల్ చెరిగిపోయి ఉంటే డబ్బాలోని కాగితం మొదటి పేరాలో ఆ మాట ఉంటుంది. అదీ లేకపోతే ఆ సీసా పక్కన పెట్టేయండి.

రేబిస్ ప్రశ్నకు జవాబు ఇదీ: గాయాన్ని సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి, టీకా వెంటనే మొదలుపెట్టాలి. రోగనిరోధక శక్తి తగ్గిన మనిషికి కండరంలో 5 డోసులు పూర్తిగా వేయాలి: 0, 3, 7, 14, 28 రోజుల్లో. చర్మం చెక్కుకుపోయి రక్తం రాని రెండో తరగతి గాయానికి కూడా ఇమ్యునోగ్లోబులిన్, అంటే ముందే తయారైన యాంటీబాడీలు, ఇవ్వాలి, ఎందుకంటే టీకాకు అతని శరీరం సరిగ్గా స్పందించకపోవచ్చు. సీడీ4 140 అన్నది ఇక్కడ టీకా ఆపడానికి కారణం కాదు, ఇమ్యునోగ్లోబులిన్ చేర్చడానికి కారణం. ఆపిన వాళ్ల లెక్కలో ఆ మనిషికి ప్రాణమే పోవచ్చు.

ఒకే జబ్బుకు రెండు టీకాలున్న చోట మాత్రం ఇంకా జాగ్రత్త. మల్కన్‌గిరి వాళ్లకు ఇది ముఖ్యం. 2016లో అక్కడ జపనీస్ మెదడువాపు చాలామంది పిల్లల్ని తీసుకుపోయింది, ఆ తర్వాత ఆ టీకా మాట పెద్దలు కూడా అడుగుతున్నారు. దానికి ఒక టీకా ఎస్ఏ 14-14-2 అనే బలహీనపరచిన వైరస్‌తో చేసినది, పొడి, లైవ్. ఇంకొకటి చంపిన వైరస్‌తో చేసినది, మన దేశంలోనే తయారవుతుంది. "మెదడువాపు టీకా వేయించుకోవచ్చా" అని అడిగితే జవాబు సీడీ4తో మొదలవదు, "ఏది?" అని మొదలవుతుంది. హెచ్‌ఐవీ ఉన్న పెద్దవారికి నేనైతే చంపిన వైరస్ టీకానే అడుగుతాను, సీడీ4 ఎంతున్నా సరే. సురక్షితమైన జత ఉన్నప్పుడు లైవ్ కోసం లెక్కలు వేయడం ఎందుకు? టైఫాయిడ్‌కు కూడా ఇదే: మింగే క్యాప్సూల్ లైవ్, ఇంజక్షన్ కాదు. ఫ్లూకు ముక్కులో కొట్టేది లైవ్, ఇంజక్షన్ కాదు. హెపటైటిస్-ఏకు మన మార్కెట్లో రెండూ ఉన్నాయి. ఈ నాలుగింటికీ సీడీ4 అడగకుండానే లైవ్ కానిదే తీసుకోండి.

అప్పుడు మన పనిలో సీడీ4 లెక్క నిజంగా అవసరమయ్యేది ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాల దగ్గరే, ఎందుకంటే వీటికి లైవ్ కాని జత లేదు. బీసీజీ ఊసెత్తకండి, హెచ్‌ఐవీ ఉన్న పెద్దవారికి అది వద్దు.

నియమం ఒక్క వాక్యం: సీడీ4 200కు తక్కువైతే ఈ రెండూ వద్దు, 200 లేదా ఎక్కువగా కనీసం 6 నెలలు నిలిస్తే ఇవ్వొచ్చు. "నిలిస్తే" అన్న మాటను మీలో చాలామంది చదవలేదు. 212 అన్న ఒక్క కాగితం చూపించి ఎంఎంఆర్ రాసిన జవాబులు నాకు ఏడు వచ్చాయి.

ఒక్క అంకె ఎందుకు చాలదో విప్పి చెబుతాను. సీడీ4 సంఖ్యను ల్యాబ్ నేరుగా లెక్కించినా, గుణించి తెచ్చినా, దాని వెనక ఉన్నది లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల మొత్తంలో సీడీ4 వాటా. లింఫోసైట్లు 1,410, సీడీ4 శాతం 16 అయితే సంఖ్య 226. లింఫోసైట్లు జ్వరం వల్ల తగ్గొచ్చు, స్టెరాయిడ్ వల్ల తగ్గొచ్చు, పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా ఉండొచ్చు. అప్పుడు శాతం కదలకుండానే సంఖ్య కిందకి జారుతుంది, లేదా పైకి ఎగురుతుంది. చికిత్స మొదలుపెట్టిన తొలి నెలల్లో సంఖ్య త్వరగా లేస్తుంది. అదే కొత్తగా లేచిన కణాలు తట్టు వైరస్‌ను అదుపు చేసే స్థాయికి వచ్చాయా అన్నది ఆ అంకె చెప్పదు. అందుకే కాలం అడుగుతాం.

జరిగే ప్రమాదం ఏమిటో కూడా తెలుసుకోండి. 1993లో అమెరికాలో సీడీ4 కణాలు దాదాపు అంతరించిపోయిన ఇరవై ఏళ్ల యువకుడికి తట్టు వైరస్ న్యుమోనియా వచ్చి చనిపోయాడు. ఊపిరితిత్తుల్లో దొరికినది ఊళ్లో తిరిగే వైరస్ కాదు, దాదాపు ఏడాది క్రితం కాలేజీ చేరేముందు వేసిన ఎంఎంఆర్‌లోనిదే. టీకా వేసిన నెలలో ఏమీ జరగలేదు కాబట్టి సరిపోయిందనుకోవడం కుదరదని ఆ కేసు చెబుతోంది.

ఇప్పుడు ఒక మనిషిని తీసుకుందాం. మోటు దగ్గర ఊరివాడు, వయసు 36, డ్రైవర్. హెచ్‌ఐవీ మందులు ఫిబ్రవరిలో మొదలయ్యాయి, అప్పటి సీడీ4 148. ఆగస్టులో 226, శాతం 16. మరుసటి ఫిబ్రవరిలో 188, శాతం 17, రక్తం తీసిన రోజు జ్వరం, జలుబు. మార్చిలో మళ్లీ తీస్తే 243, శాతం 17. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, అదుపులోనే ఉంది. అతని ఆకుపచ్చ చికిత్స పుస్తకంలో ఇవన్నీ ఉన్నాయి గానీ, ఒక కాగితం భద్రాచలం వైపు ల్యాబ్‌ది. వేర్వేరు ల్యాబుల అంకెలను పోల్చేటప్పుడు చిన్న తేడాను మార్పుగా తీసుకోకండి.

మొదటి ఫిబ్రవరిలో, 148 దగ్గర, అతనికి ఏమి వేయాలి? లైవ్ కానివన్నీ, వెంటనే. ఫ్లూ ఇంజక్షన్, ధనుర్వాతం, డిఫ్తీరియాలకు టీడీ, మెదడువాపు చంపిన టీకా, హెపటైటిస్-బి (యాంటీబాడీ గానీ, జబ్బు గానీ లేదని పరీక్ష చూశాక), న్యుమోకాకల్ కాంజుగేట్. "సీడీ4 పెరిగాక వేస్తే బాగా పనిచేస్తుంది కదా" అంటారు, నిజమే, కానీ ఆ పెరిగేలోపు జబ్బు రాదని ఎవరు హామీ ఇస్తారు? హెపటైటిస్-బి చివరి డోసు తర్వాత 1 నుంచి 2 నెలలకు యాంటీబాడీ చూసుకోండి. మిల్లీలీటరుకు 10 మిల్లీయూనిట్లకు చేరకపోతే మళ్లీ కోర్సు. వాయిదా వేయగలిగేది ఒక్కటే, 23 రకాల న్యుమోకాకల్ పాలీశాకరైడ్ టీకా. కాంజుగేట్ వేసిన 8 వారాల తర్వాత ఇవ్వొచ్చు, సీడీ4 200 దాటేదాకా ఆగినా పర్వాలేదు.

ఆగస్టులో 226 రాగానే మీ చేయి ఎంఎంఆర్ మీదికి వెళుతుంది. ఆగండి. గడియారం ఇక్కడ మొదలైంది, అయిపోలేదు. మరుసటి ఫిబ్రవరిలో 188 వచ్చినరోజు ఏమీ వేయకండి, జ్వరం తగ్గాక 3 నుంచి 4 వారాలకు మళ్లీ తీయించండి. మార్చిలో శాతం కదలలేదు, లోడ్ అదుపులో ఉంది, సంఖ్య 243. 188ని జ్వరపు అంకెగా తీసుకుని ముందుకు వెళ్లొచ్చని నా అభిప్రాయం, సంతకం మాత్రం హెచ్‌ఐవీ చికిత్స చూసే ఏఆర్‌టీ డాక్టరుదే. అదే శాతం 16 నుంచి 12కి పడి ఉంటే సంఖ్య 200 దాటినా నేను ముందుకు వెళ్లను, గడియారం మళ్లీ మొదటికి తిప్పుతాను.

వేసే ముందు అవసరముందో లేదో చూడండి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందని ఇంట్లోవాళ్లు గట్టిగా చెబితే, అనుమానముంటే రక్తంలో యాంటీబాడీ ఉంటే, ఆ టీకా వద్దు. అవసరమైతే ఎంఎంఆర్ 0.5 మి.లీ. చర్మం కింద, రెండు డోసులు, మధ్య కనీసం 28 రోజులు. ఆటలమ్మ టీకా కూడా 0.5 మి.లీ., రెండు డోసులు, మధ్య 3 నెలలు. రెండు రకాలనూ ఒకేరోజు వేర్వేరు చేతులకు వేయండి, లేదంటే ఒకదానికొకటి 28 రోజులు ఎడం పాటించండి. నేనైతే ఒకేరోజు వేయిస్తాను, మోటు నుంచి మళ్లీ రావడం అంత తేలిక కాదు. నాలుగు వైరస్‌లూ కలిపిన సీసా మాత్రం వాడకండి.

అభ్యాసం. కష్టమైనదే ఇస్తున్నాను, తొందరపడకండి. పర్లాకిమిడి వైపు 29 ఏళ్ల మహిళ. సీడీ4 గత ఏప్రిల్‌లో 310 (19 శాతం), అక్టోబరులో 285 (18 శాతం). ఆగస్టు 20న కుక్క కరిస్తే మనిషి రక్తం నుంచి తీసిన రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ కిలోకు 20 యూనిట్ల చొప్పున ఇచ్చారు. దాని తర్వాత ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలకు 4 నెలలు ఆగాలి. ఇంట్లో మరిదికి నిన్న ఆటలమ్మ పోసింది. ఆమెకు చిన్నప్పుడు పోసిందో లేదో తెలియదు. నెలసరి 12 రోజులు ఆలస్యం. ఈరోజు అక్టోబరు 28. ఆమెకు ఏ పరీక్షలు ముందు, ఏ టీకా ఈరోజు, ఏది ఎప్పటికి, మరిది దగ్గరికి వెళ్లాలా వద్దా, తారీఖులతో సహా రాయండి. మరిది టీకా గురించి రాయకండి, అతనికి జబ్బు వచ్చేసింది.