క్రిప్టోలో షార్ట్ హెడ్జ్ పెట్టే ముందు: ఏడీఎల్ జాగ్రత్తలు

తిరుపతిలో ఒకరి దగ్గర 100 డాలర్ల ధర ఉన్న కాయిన్లు 10 ఉన్నాయనుకోండి. పడిపోతుందన్న భయంతో అదే ధరకు 10 కాయిన్లు ఫ్యూచర్స్‌లో షార్ట్ చేశారు. ధర 60కి కూలింది. కాయిన్ల మీద 400 నష్టం, షార్ట్ మీద 400 లాభం. అప్పుడే ఎక్స్ఛేంజి షార్ట్‌ను తనంతట తానే మూసేసింది. తర్వాత ధర 45కి దిగితే, ఆ 150 డాలర్ల నష్టానికి అడ్డు లేదు.

ఇదే ఆటో డీలెవరేజింగ్, అంటే ఏడీఎల్. ఓడినవాళ్ల మార్జిన్ చాలనప్పుడు లోటును ఇన్సూరెన్స్ ఫండ్ భరిస్తుంది. అదీ చాలకపోతే గెలిచినవాళ్ల పొజిషన్లను మూస్తారు. వచ్చిన లాభం ఇస్తారు, రక్షణ మాత్రం పోతుంది. అందుకే:

☐ షార్ట్‌కు లెవరేజ్ తగ్గించండి. చాలా ఎక్స్ఛేంజీల్లో లాభ శాతం, లెవరేజ్ రెండూ ఎక్కువ ఉన్నవాళ్లే మూసేసే వరుసలో ముందుంటారు. 10 రెట్ల షార్ట్ కంటే 2 రెట్లది చాలా వెనక ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం ఇదే.

☐ పొజిషన్ పక్కన, ఆ వరుసలో మీ స్థానం చూపే ఏడీఎల్ లైట్లు ఎన్ని వెలిగాయో చూడండి. అన్నీ వెలిగితే కొంత లాభం మీరే తీసేసుకోండి.

☐ చిన్న కాయిన్లలో పెద్ద షార్ట్ వద్దు.

☐ షార్ట్ మూతపడితే ఫోన్ మోగేలా అలర్ట్ పెట్టండి. 2025 అక్టోబరు 11న భారీ పతనం మనకు తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో వచ్చింది, ఊరంతా నిద్రలో ఉండే వేళ.

☐ షార్ట్ పోతే కాయిన్లు అమ్ముతారా, మళ్లీ షార్ట్ చేస్తారా? ఇప్పుడే రాసిపెట్టుకోండి.