ఉత్తరంలో మిర్చి బస్తాలు పెట్టాక

జూనియర్ గేమ్ డిజైనర్ ఉద్యోగాలకు నేను పంపిన కవర్ లెటర్ "చిన్నప్పటి నుంచి ఆటలంటే ప్రాణం" అని మొదలయ్యేది. 6 చోట్లకు పంపితే ఎవరూ పలకలేదు. హన్మకొండలో నా రూమ్మేట్ చదివి, "ఇందులో నువ్వు చేసిందేది రా?" అన్నాడు. నేను చదివింది బీకాం. డిజైన్ కోర్సు చేయలేదు. ఉన్నవల్లా అట్టముక్కలతో చేసిన 3 బోర్డ్ గేమ్‌లు. వాటినేమో చివర్లో "హాబీలు" కింద తోసేశాను.

మూడింటిలో ఒక్కదాన్నే తీసుకుని ఉత్తరమంతా దాని చుట్టూ రాశాను. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు కొని అమ్మే ఆట అది, నలుగురికి. మధ్య పేరా ఇలా వచ్చింది:

"20 ఆటల్లో 11 సార్లు మొదట ఆడినవారే గెలిచారు. సమానంగా ఉంటే 5 దగ్గర ఉండాలి. చౌక బస్తాలన్నీ మొదటి రౌండ్‌లోనే వాళ్లకు దొరుకుతున్నాయి. చివరివారికి 2 నాణేలు ఎక్కువిచ్చాను, లాభం లేదు: కొనడానికి చౌక బస్తాలే మిగలట్లేదు. అప్పుడు వాటిలో సగం రెండో రౌండ్‌కు ఆపి, ఆ రౌండ్‌లో వరుస తిప్పేశాను. మరో 20 ఆటల్లో 6 సార్లే గెలిచారు. ఇవి తక్కువ ఆటలే. పైగా నాలుగో మనిషి వరుసగా రెండుసార్లు ఆడుతుంటే మొదటి మనిషి ఖాళీగా కూర్చుంటున్నాడు. అది ఇంకా తేలలేదు."

ఒక పేజీ రూల్స్, స్కోర్ల నోట్‌బుక్ ఫోటో జత చేశాను. ఈసారి ఒక చోటి నుంచి ఫోన్ వచ్చింది. సగం సేపు ఆ ఖాళీగా కూర్చునే మనిషి గురించే అడిగారు.