బ్రాహ్మి మొదలుపెట్టే ముందు వాడుతున్న మందుల లిస్టు రాయండి

పరీక్షలకు పది రోజులుందనగా జ్ఞాపకశక్తి కోసమని బ్రాహ్మి సీసా కొనేవాళ్లను చూస్తే విసుగొస్తుంది. పది రోజుల్లో అది చేసేదేమీ ఉండదు. 2001లో ఆస్ట్రేలియాలో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 300 మిల్లీగ్రాముల సారం ఇచ్చి చూశారు. ఐదో వారానికి చెప్పుకోదగ్గ తేడా లేదు, పన్నెండో వారానికి కనిపించింది. ఒక్క డోసు ఇచ్చి, రెండు గంటల తర్వాత పరీక్షించిన మరో ప్రయోగంలో ఫలితమే లేదు. కాబట్టి క్యాలెండర్ తీసి, పరీక్ష తేదీ నుంచి పన్నెండు వారాలు వెనక్కి లెక్కపెట్టండి. ఆ రోజు దాటిపోయిందా? డబ్బు మిగిలిందనుకోండి.

ఏం ఆశించాలో కూడా ముందే తేల్చుకోండి. 2002లో 40 నుంచి 65 ఏళ్లవాళ్ల మీద జరిగిన ప్రయోగంలో నేర్చుకునే వేగం మారలేదు. నేర్చుకున్నది మరిచిపోవడం మాత్రం కాస్త తగ్గింది. అంటే చదివినవాడికే ఉపయోగం. ఏకాగ్రత సంగతి ఇంకా బలహీనం. అతిచురుకుదనం, శ్రద్ధలోపం ఉన్న 6–14 ఏళ్ల అబ్బాయిలకు 14 వారాలు ఇస్తే, తల్లిదండ్రులు గమనించిన ప్రవర్తనలో డమ్మీ మాత్ర కన్నా మెరుగైన ఫలితం రాలేదు. పిల్లలకు మీ అంతట మీరు ఇవ్వకండి.

కొనేటప్పుడు లేబుల్ మీద బకోపా మొన్నియెరి అని ఉండాలి. సరస్వతి ఆకును కూడా బ్రాహ్మి అనే అమ్ముతుంటారు, అది వేరే మొక్క. ‘సారం’ అనీ, అందులో బ్రాహ్మిలో పనిచేసే పదార్థాలైన బకోసైడ్లు ఎంత శాతమో కూడా రాసి ఉండాలి. ప్రయోగాల్లో వాడిన 300 మిల్లీగ్రాములు సారం బరువు, ఎండిన ఆకుల పొడి బరువు కాదు. పది మూలికలు కలిపిన ‘మెమరీ’ మాత్రలు నేను ఎవరికీ సూచించను. కడుపు పాడైతే ఏది కారణమో ఎవరు చెప్పగలరు?

ఇక అసలు మెట్టు, అందరూ దాటేసేది. బ్రాహ్మి వేసుకునే ముందు మీరు వాడే ప్రతి మందునూ కాగితం మీద రాయండి. ‘అప్పుడప్పుడూ వేసుకునే మాత్ర’ కూడా అందులో రావాలి, ఎక్కువగా దాచేది దాన్నే.

ఒక డిగ్రీ విద్యార్థిని లిస్టులో రెండు ఉన్నాయనుకుందాం: పొద్దున్నే థైరాయిడ్ తక్కువైనందుకు థైరాక్సిన్, తుమ్ములొస్తే క్లోర్‌ఫెనిరమిన్. ఎలుకలకు భారీ మోతాదులో బ్రాహ్మి ఇచ్చినప్పుడు థైరాయిడ్ హార్మోన్ పెరిగింది. మనుషుల్లోనూ అలాగే జరుగుతుందని తేలలేదు గానీ, డోసు కుదిరి ఉన్న ఆ అమ్మాయి దాన్ని కదపడం ఎందుకు? డాక్టర్ సరేనంటే ముందు ఒకసారి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మరోసారి థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చూసుకోవాలి. మధ్యలో గుండెదడ, చేతి వణుకు వస్తే అప్పుడే ఆపాలి. ఇక రెండో మాత్ర, జ్ఞాపకశక్తికి తోడ్పడే మెదడు రసాయనం ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది, బ్రాహ్మి దాన్ని పెంచే వైపు పనిచేస్తుందని భావిస్తారు. ఒకటి తాడును ఇటు లాగితే రెండోది అటు లాగుతుంది. పైగా ఆ అలర్జీ మాత్రే మత్తు తెప్పిస్తుంది. ‘చదువు ఎక్కడం లేదు’ అన్న ఫిర్యాదుకు కారణం అదే కావచ్చు. నిద్రమత్తు తక్కువ తెచ్చే మాత్రకు మార్చమని డాక్టర్‌ను అడిగితే, బ్రాహ్మి అవసరమే రాకపోవచ్చు.

ఫిట్స్‌కు ఫెనిటాయిన్, రక్తం పలచబడటానికి వార్‌ఫరిన్, డిప్రెషన్‌కు అమిట్రిప్టిలిన్ వాడేవాళ్లయితే డాక్టర్‌ను అడగకుండా సీసా మూత తీయొద్దు. ఇలాంటి మందులను కాలేయంలో విరిచే ఎంజైములను బ్రాహ్మి సారం అణచగలదని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. ఒంట్లో ఆ ప్రభావం ఎంతుంటుందో కొలిచిన ఆధారాలు తక్కువ. కానీ ఫెనిటాయిన్, వార్‌ఫరిన్ రక్తంలో కొద్దిగా పెరిగినా ముప్పే: మొదటిదానితో తూలడం, రెండోదానితో రక్తస్రావం. నిద్రమాత్రలు, గుండె వేగం తగ్గించే మందులు, ఆస్తమా, కడుపులో పుండు ఉన్నవాళ్లకూ ఇదే మాట. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు వాడొద్దు.

మిగిలింది సులువు. రోజుకు 300 మిల్లీగ్రాములు, భోజనం మధ్యలో. పరగడుపున వేసుకుంటే వికారం, కడుపు మెలిపెట్టడం, మాటిమాటికీ విరేచనానికి వెళ్లాల్సి రావడం ఎక్కువ. కొందరికి భోజనంతో వేసుకున్నా తప్పవు. అప్పుడు డోసును రెండుగా చేసి రెండు పూటల భోజనంతో వేసుకోండి. వారం తర్వాతా తగ్గకపోతే మానేయండి, ఓర్చుకుంటే ఒనగూరేదేమీ లేదు. మొదటి డోసు సెలవు రోజున వేసుకోవాలన్నది నా నియమం. ఎందుకో ఆ రోజు బాత్‌రూమ్ దగ్గర తెలుస్తుంది.