రంగు వేసుకుంటే మాడు మంట, దురద: అమ్మోనియా తప్పా, పీపీడీ తప్పా?

జుట్టుకు రంగు వేయించుకుంటే మాడు మండిందనో, దురద పుట్టిందనో చెప్పుకుంటూ మా పార్లర్‌కు వచ్చేవారిని నేను మొదట అడిగేది, అది ఎప్పుడు మొదలైందని. రంగు తల మీద ఉండగానే మొదలైందా, కడిగేసిన మరునాడో ఆ మరునాడో మొదలైందా అన్నది తేలితే సగం సమస్య తేలినట్టే. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా, "ఈ డబ్బా పడలేదు, ఇంకో డబ్బా కొంటాను" అంటూ రంగులు మార్చేవారిని చూసి చూసి విసుగొచ్చింది.

రంగు తల మీద ఉండగానే మంట

రంగు పూసిన అయిదు పది నిమిషాల్లో చురచురమని మొదలై, కడిగేశాక గంటా రెండు గంటల్లో తగ్గిపోయే మంట చాలావరకు అలర్జీ కాదు. అది రసాయనాల ఘాటు. రంగు వెంట్రుక లోపలికి దిగాలంటే పైపొర తెరుచుకోవాలి. ఆ పని అమ్మోనియా లాంటి క్షారం చేస్తుంది, రంగు తేలేలా చేసేది రంగుతో కలిపే డెవలపర్‌లోని హైడ్రోజన్ పెరాక్సైడ్. ఈ రెండూ వెంట్రుకతోపాటు మాడు చర్మానికీ తగులుతాయి. చర్మం బాగుంటే కాస్త చిమచిమతో పోతుంది, గీరుకుపోయి ఉంటే భగ్గుమంటుంది.

దీనికి పరిష్కారం చిన్నదే. రంగు వేసే రోజు తలంటుకోకూడదు. ముందు రోజో, అంతకు ముందు రోజో తలంటుకుంటే, మాడు మీద సహజంగా ఊరే నూనె కొంత అడ్డుగా నిలుస్తుంది. చుండ్రు దురదకు గోళ్లతో గోకిన తల మీద, పొక్కులున్న తల మీద రంగు వేయకూడదు. తెల్లజుట్టు కప్పడానికి 6 శాతం పెరాక్సైడ్ ఉన్న డెవలపర్, అంటే పార్లర్లలో 20 వాల్యూమ్ అనేది, సరిపోతుంది. బాగా పట్టాలని 30 వాల్యూమ్ కలపడం మంటను కొనితెచ్చుకోవడమే. డబ్బా మీద చెప్పిన నిమిషాలు దాటాక రంగు ఇంకా నల్లబడదు, మాడు మాత్రం ఇంకా ఎర్రబడుతుంది. మంట ఓర్చుకోలేనంతగా ఉంటే గడియారం చూడకుండా వెంటనే గోరువెచ్చని నీటితో ధారాళంగా కడిగేయాలి.

ఒకటి రెండు రోజుల తర్వాత దురద, వాపు

ఇది వేరే సంగతి, అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రంగు వేసిన రోజు ఏమీ ఉండదు. మరునాటి సాయంత్రానికి చెవుల వెనుక, మెడ మీద, నుదుటి అంచున దురద మొదలవుతుంది. మూడో రోజు ఉదయానికి కనురెప్పలు ఉబ్బి కళ్లు సరిగా తెరుచుకోవు. మాడు చర్మం మందం కాబట్టి అక్కడ అంతగా కనిపించదు, పలుచని కనురెప్పల మీద బయటపడుతుంది. అందుకే చాలామంది దీన్ని కంటిజబ్బు అనుకుంటారు, పురుగు కుట్టిందనుకుంటారు, రంగును మాత్రం అనుమానించరు.

దీనికి చాలాసార్లు కారణం పారాఫినైలీన్‌డయామైన్, వాడుకలో పీపీడీ. చెరగని నల్లరంగుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. ఇది చిన్న అణువు కనుక వెంట్రుకలోకి దూరి, పెరాక్సైడ్‌తో కలిసి పెద్ద రంగు అణువుగా మారి అక్కడే చిక్కుకుంటుంది. పూర్తిగా మారిపోయిన రంగుతో పెద్దగా ఇబ్బంది లేదు. మారే దశలో ఉన్నది చర్మంలోకి దిగినప్పుడు కొందరి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక సాధారణంగా జీవితాంతం మరిచిపోదు. "ఎనిమిదేళ్లుగా ఇదే రంగు వాడుతున్నానండీ, ఎప్పుడూ ఏమీ కాలేదు" అన్న మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. శరీరం అలా గుర్తుపెట్టుకోవడం ఎనిమిదో ఏట కూడా జరగవచ్చు, కాబట్టి ఇన్నేళ్లు పడిందన్నది రేపు కూడా పడుతుందనడానికి సాక్ష్యం కాదు.

ఇలా జరిగితే తలను మరోసారి తేలికపాటి షాంపూతో కడిగి, గోకకుండా, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. కొబ్బరినూనె, నిమ్మరసం, పక్కింటివారు వాడిన స్టెరాయిడ్ క్రీము ఇక్కడ పనికిరావు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలి.

"అమ్మోనియా లేదు" అన్న మాట దగ్గర పడే దెబ్బ

నేను స్వయంగా దెబ్బ తిన్నది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అమ్మోనియా లేని రంగు అంటే అమ్మోనియా ఒక్కటే లేని రంగు. దాని బదులు చాలా రంగుల్లో మోనో ఇథనాల్ అమైన్ అనే మరో క్షారం ఉంటుంది. అది గాలిలోకి అంతగా లేవదు కాబట్టి ముక్కుకు ఘాటు తగలదు, కళ్లు మండవు. ఘాటు వాసన పడనివారికి అది నిజంగా మేలే. కానీ పీపీడీ ఉందా లేదా అన్నదానికి ఆ మాటతో సంబంధమే లేదు. వాసన లేని రంగులో కూడా పీపీడీ నిక్షేపంగా ఉండవచ్చు. వాసనను బట్టి మంచి చెడులు తేల్చే మన అలవాటే ఇక్కడ మనల్ని ముంచుతుంది.

మా పార్లర్‌కు వచ్చే ఒక టీచర్ గారికి రంగు వేసిన ప్రతిసారీ చెవుల వెనుక కొద్దిగా దురద పుట్టేది. "అమ్మోనియా పడటం లేదేమో" అని ఆవిడే అనుకుని, అమ్మోనియా లేని క్రీము తెచ్చి నా చేత వేయించుకున్నారు. శనివారం సాయంత్రం వేశాను. ఆదివారం రాత్రి దురద, సోమవారం బడికి వెళ్లలేదు, కళ్లు తెరుచుకోలేదు. వాపు తగ్గి కొన్ని వారాలయ్యాక చర్మవైద్యులు ఆవిడ వీపు మీద, అనుమానమున్న పదార్థాలను పట్టీలతో అంటించి చూసే ప్యాచ్ టెస్టు పెట్టారు. అందులో వ్యాజలీన్‌లో కలిపిన 1 శాతం పీపీడీ ఉంటుంది. 48 గంటల తర్వాత ఆ పట్టీలు తీసి చూస్తారు, మళ్లీ మూడో నాలుగో రోజున చూస్తారు. పీపీడీ పెట్టిన గడి ఎర్రగా పొంగి నీటిపొక్కులు లేచింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది మామూలు కథే. నాలుగు నెలలకు ఆవిడ ఇంట్లో పెళ్లి వచ్చింది. రసాయన రంగు వద్దనుకుని, ఎవరో చెప్పారని నల్ల హెన్నా పొడి ప్యాకెట్ తెచ్చారు. మీద ఆకుపచ్చ ఆకుల బొమ్మ, హెర్బల్ అన్న మాట, అమ్మోనియా లేదన్న మాట ఉన్నాయి. నేను కూడా గోరింటాకే కదా అనుకుని గిన్నెలో నీళ్లు పోసి కలిపాను. పది నిమిషాల్లో ముద్ద పైభాగం నల్లగా తిరిగింది. మంచి రంగు వస్తుందని అప్పుడు సంబరపడ్డాను, అనుమానించాల్సింది సరిగ్గా అక్కడే. గోరింటాకు ముద్ద గాలి తగిలితే ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది, జుట్టు మీద ఎరుపు నారింజ ఛాయనిస్తుంది. ఏ గోరింటాకూ నలభై నిమిషాల్లో తెల్లజుట్టును నల్లగా చేయదు. ఆవిడకు ఈసారి రెండు రోజులు పట్టలేదు, ఆ రాత్రికే నుదుటి అంచున చర్మం తడిసి రసి కారింది. ముందే గుర్తుపెట్టుకున్న శరీరం రెండోసారి త్వరగా స్పందిస్తుంది.

ఆ తర్వాత ప్యాకెట్ వెనుక చదివాను. గోరింటాకు, ఉసిరి, గుంటగలగర పేర్ల కింద, అతి చిన్న అక్షరాల్లో పీపీడీ, బేరియం పెరాక్సైడ్ ఉన్నాయి. అంటే డబ్బాలో రెండు ట్యూబులుగా వచ్చే రంగూ డెవలపరూ ఇందులో ఒకే పొడిగా కలిసి ఉన్నాయి, నీళ్లు తగలగానే పని మొదలుపెట్టాయి. ఆ వెనుకవైపు ముందే చదివి ఉంటే అర నిమిషం పట్టేది.

చదివేటప్పుడు పారాఫినైలీన్‌డయామైన్ అనే పేరు ఒక్కటే వెతికితే చాలదు. అదే పదార్థాన్ని 1,4-డయామినోబెంజీన్ అనీ, 1,4-బెంజీన్‌డయామైన్ అనీ, సి.ఐ. 76060 అనీ రాస్తారు. "పీపీడీ లేదు" అని పెద్దగా రాసిన కొన్ని రంగుల్లో దాని బంధువు టొలుయీన్-2,5-డయామైన్ ఉంటుంది. పీపీడీ పడనివారిలో చాలామందికి ఇదీ పడదు. పేర్లు చదవడం కష్టమనిపించేవారికి నేను చెప్పే మోటు గుర్తు ఒకటుంది: రెండు సీసాలు కలిపి వేసే రంగు గానీ, నీళ్లు కలిపితే గంటలోపు నల్లగా పట్టే పొడి గానీ అయితే, లేదని తేలేదాకా పీపీడీ కుటుంబం అందులో ఉందనే అనుకోవాలి.

అందరూ దాటేసే పరీక్ష

మన దేశంలో పీపీడీ ఉన్న రంగుల మీద, చర్మం మంటపుట్టవచ్చని, ముందుగా పరీక్షించుకోవాలని, కనురెప్పల వెంట్రుకలకూ కనుబొమలకూ వాడకూడదని హెచ్చరిక ఉండాలి. ఆ పరీక్ష ఇది: చెవి వెనుక గానీ మోచేయి లోపలివైపు గానీ చర్మాన్ని సబ్బుతో కడిగి ఆరనిచ్చి, తలకు ఎలా కలుపుతామో అలాగే కలిపిన రంగును కొద్దిగా పూసి, ఆరాక అలాగే వదిలేసి, 24 గంటల తర్వాత కడిగి చూడాలి. నేనైతే ఇంకో రోజు ఆగమంటాను, ఎందుకంటే ఈ అలర్జీ తాపీగా వచ్చేది. ప్రతిసారీ చేయాలి, అదే కంపెనీ రంగయినా చేయాలి. ఒక్క మినహాయింపు ఉంది. ఇంతకు ముందు ముఖం వాచినవారు, జాతరలోనో విహారయాత్రలోనో నల్ల హెన్నా టాటూ వేయించుకుంటే పొక్కులు లేచినవారు ఇంట్లో ఈ పరీక్ష చేసుకోకూడదు. అది చర్మవైద్యుల దగ్గరే జరగాలి.

పీపీడీ పడదని తేలితే

తలకు నల్లగా, ఎక్కువకాలం నిలిచేలా కావాలంటే మిగిలే దారి రెండు విడతలది. రాత్రి నానబెట్టిన అసలు గోరింటాకును రెండు మూడు గంటలు ఉంచి కడగాలి. ఆ తర్వాత గోరువెచ్చని నీటిలో చిటికెడు ఉప్పుతో కలిపిన నీలి ఆకు పొడిని, పది పదిహేను నిమిషాలు ఆగి, ఆలస్యం చేయకుండా పట్టించి, గంట పైన ఉంచాలి. కడగగానే ఆకుపచ్చగా కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు, ఒక రోజులో నలుపు తిరుగుతుంది. ఆ రోజు షాంపూ వద్దు. పూట పడుతుంది, ఓపిక కావాలి. పొడి కొనేటప్పుడు ఆకు పేరు తప్ప మరో పేరు లేనిదే కొనాలి, దానికీ ముందు పరీక్ష చేయాలి. అంత ఓపిక లేనివారికి డెవలపర్ అక్కర్లేని పైపూత రంగులున్నాయి, కానీ అవి కొన్ని తలస్నానాలకే పోతాయి, తెల్లజుట్టును పూర్తిగా కప్పవు.

సువాసన ద్రవ్యాలు, రిసార్సినాల్, బ్లీచ్‌లోని పెర్‌సల్ఫేట్ వల్ల కూడా కొందరికి ఇబ్బంది వస్తుంది. బ్లీచ్ పూసిన నిమిషాల్లో దద్దుర్లు లేస్తేనో, ఉబ్బసం వస్తేనో తప్ప ముందుగా వాటి వెంట పడనవసరం లేదు.

ఒకటి మాత్రం రాసిపెట్టుకోవాలి. పీపీడీ పడనివారిలో కొందరికి బెంజోకైన్ అనే, నొప్పి తెలియకుండా మొద్దుబార్చే మందు, కొన్ని ముదురు బట్టల అద్దకాలు కూడా పడవు. టీచర్ గారు ఆ ప్యాచ్ టెస్టు చీటీని ఇప్పుడు పర్సులోనే ఉంచుకుంటున్నారు, పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అదే చూపిస్తారు.