సరుకు గుంటూరులో, బిల్లు హైదరాబాద్‌కు: ఐజీఎస్టీ వేయాలా, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయాలా?

విజయవాడ వ్యాపారికి హైదరాబాద్ డీలరు నుంచి లక్ష రూపాయల స్టీలు పైపులకు ఆర్డరు వచ్చింది. సరుకు మాత్రం హైదరాబాద్ రానక్కర్లేదు, తన కస్టమరుకి నేరుగా గుంటూరులో దింపమన్నాడు. లారీ ఆంధ్రప్రదేశ్ దాటదు కాబట్టి 9 శాతం సీజీఎస్టీ, 9 శాతం ఎస్‌జీఎస్టీ వేసేస్తారు చాలామంది. అది తప్పు.

మామూలుగా సరుకు ప్రయాణం ఎక్కడ ముగిస్తే అదే ప్లేస్ ఆఫ్ సప్లై. కానీ కొన్నవాడు చెప్పిన మీదట మూడో మనిషికి సరుకు దింపితే, ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 10(1)(బి) ప్రకారం ఆ సరుకు కొన్నవాడికే అందినట్టు లెక్క. ప్లేస్ ఆఫ్ సప్లై అతని ప్రధాన వ్యాపార స్థలం, అంటే తెలంగాణ. అమ్మేవాడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాడు, రెండు రాష్ట్రాలు వేరు కాబట్టి 18,000 రూపాయలు ఐజీఎస్టీ వేయాలి.

బిల్లు రాసేముందు ఏ జీఎస్టీ నంబరు మీద కావాలో కొనుగోలుదారుణ్ణి అడగండి. మొదటి రెండు అంకెలు 36 అయితే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్. డీలరుకి గుంటూరులోనూ బ్రాంచి ఉండి, 37 నంబరు మీద బిల్లు అడిగితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీయే వస్తాయి. ఇన్వాయిస్ మీద కొనుగోలుదారు చిరునామా, సరుకు దింపే చిరునామా వేరువేరుగా రాసి, ప్లేస్ ఆఫ్ సప్లై దగ్గర రాష్ట్రం పేరు వేయండి. ఈ-వే బిల్లులో `Bill To - Ship To` ఎంచుకోండి.

ఇక్కడితో సగమే అయింది. హైదరాబాద్ డీలరు గుంటూరు కస్టమరుకి 1,10,000 రూపాయలకు తన బిల్లు తాను ఇవ్వాలి. ఆ సరుకు ప్రయాణం ముగిసేది గుంటూరులో, అమ్మేవాడు తెలంగాణలో, కాబట్టి అదీ ఐజీఎస్టీయే: 19,800. విజయవాడ బిల్లులోని 18,000 క్రెడిట్ వాడుకుంటే చేతినుంచి కట్టేది 1,800.

మొదటి బిల్లులో తప్పు జరిగితే నష్టం ఈ డీలరుకే. ఆంధ్రప్రదేశ్ ఎస్‌జీఎస్టీ, సీజీఎస్టీ తెలంగాణ రిజిస్ట్రేషన్‌కు క్రెడిట్‌గా రావు. కొనుగోళ్ల మీద క్రెడిట్ చూపే జీఎస్‌టీఆర్-2బీలో ఆ బిల్లు క్రెడిట్ దొరకని వరసలో కనిపిస్తుంది, 19,800 మొత్తం తనే కట్టుకోవాలి. అందుకే నెలనెలా 2బీ చూసుకోవాలి, ఏడాది చివర్లో చూస్తే ఆలస్యమవుతుంది.

తప్పు బయటపడితే అమ్మిన వ్యాపారి జీఎస్‌టీఆర్-1లో బిల్లును సవరించాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దీనికి గడువు. ముందు ఐజీఎస్టీ 18,000 కట్టాలి, వడ్డీ పడదు. ఆ తర్వాత, పొరపాటున కట్టిన 9,000, 9,000 వెనక్కి రావడానికి పోర్టల్‌లో `Services > Refunds > Application for Refund` తెరిచి, రాష్ట్రంలోపలి సరఫరాగా కట్టినది అంతర్రాష్ట్ర సరఫరాగా తేలిందన్న కారణం ఎంచుకుని `RFD-01` దాఖలు చేయాలి. సరైన పన్ను కట్టిన రోజు నుంచి రెండేళ్లు గడువు. పాత బిల్లు, సవరించిన బిల్లు, రెండు చెల్లింపుల రుజువులు దగ్గర పెట్టుకోండి. ఐజీఎస్టీ కట్టకుండా రిఫండ్ అడిగితే దరఖాస్తు నిలవదు.