కార్పెట్ మరకలకని అడ్వాన్స్‌లో కోశారా? ఓనర్‌కు ఉత్తరం రాసే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మా కర్నూలులో కార్పెట్ పరిచిన అద్దె ఇల్లు దొరకడం అరుదు. ఎక్కడ చూసినా బేతంచెర్ల నాపరాయో, టైల్సో ఉంటాయి. సి క్యాంప్ వైపు మేము రెండేళ్లు ఉన్న పై పోర్షన్‌లో మాత్రం ఏసీ గదికి గోడ నుంచి గోడ దాకా బూడిద రంగు కార్పెట్ అంటించి ఉండేది. 2025 ఆగస్టు ఆఖరులో ఖాళీ చేశాక ఆ కార్పెట్ దగ్గరే పేచీ వచ్చింది. అద్దె 12,000, అడ్వాన్స్ మూడు నెలలది, 36,000. తిరిగి వచ్చింది 22,000. పెయింటింగ్‌కు 3,500 ముందే మాట్లాడుకున్నదే, దానికి మాకు ఇబ్బంది లేదు. మిగతా 10,500 "కార్పెట్ మీద మరకలు, కొత్తది వేయించాలి" అని కోశారు. ఆ గదిలో నాలుగు మరకలు ఉన్నాయి. వాటిలో మూడు మేము చేరేనాటికే ఉన్నవి.

ఇలాంటప్పుడు కోపంలో రాసిన ఒక్క ఉత్తరం ఉన్న ఆధారాన్ని కూడా పాడు చేస్తుంది. అందుకే పంపే ముందు ఏం చూసుకోవాలో మా లెక్కతోనే చెప్తాను.

మొదటి జాగ్రత్త ఉత్తరం కంటే ముందే, డబ్బు అకౌంట్‌లో పడిన నిమిషంలోనే ఉంటుంది. మాకు ఫోన్‌పే వచ్చిన వెంటనే "ఫుల్ సెటిల్‌మెంట్" అని ఓనర్ గారి అబ్బాయి నుంచి మెసేజ్ వచ్చింది. అలవాటు ప్రకారం బొటనవేలు గుర్తు పెట్టేస్తే ఆ లెక్కకు ఒప్పుకున్నట్టే చూపించవచ్చు. మా ఆవిడ ఇలా రాసింది: "22,000 అందింది బ్రదర్, థాంక్స్. కార్పెట్ కోత గురించి వివరంగా రాస్తాం, ఆ లెక్క ఇంకా ముగియలేదు." అంతే చాలు. వాదన అక్కడ మొదలుపెట్టకూడదు.

తర్వాత ఆధారాలు. మేము చేరింది 2023 జూన్ 4, ఆదివారం. సామాను ఎక్కించక ముందే మా ఆవిడ గది ఫోటోలు తీసి, ఓనర్ గారికి వాట్సాప్‌లో పంపింది. "అంకుల్, కిటికీ పక్కన రెండు తుప్పు మరకలు, తలుపు దగ్గర ఒక నల్ల మరక ఉన్నాయి, చూడండి" అని. ఆయన "అవునమ్మా, కిటికీ దగ్గరవి పాత కూలర్‌వి" అని జవాబిచ్చారు. ఇప్పుడు లెక్కలు చూసేది బెంగళూరులో ఉండే వాళ్ల అబ్బాయి. అతనికి ఈ మెసేజ్‌ల సంగతే తెలియదు. చాలా పేచీలకు మూలం ఇదే. కోసిన మనిషి వేరు, ఇల్లు చూపించిన మనిషి వేరు. అవతల దురుద్దేశం ఉందని ముందే అనుకుని రాస్తే ఉత్తరం తప్పుదారి పడుతుంది.

ఫోటో ఉంటే సరిపోదు, దాని తేదీ నిలబడాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో, తీసిన తేదీ లాంటి లోపలి వివరాలు పోతాయి. అవి అసలు ఫైలులోనే, అంటే తీసిన ఫోన్ గ్యాలరీలోనే ఉంటాయి. చాట్‌లో పంపిన తేదీ, సమయం మాత్రం కనిపిస్తాయి. కాబట్టి రెండూ దాచాలి. గ్యాలరీలో ఫోటోను తెరిచి వివరాలు చూపించే స్క్రీన్‌షాట్ ఒకటి, చాట్‌లో మీ మెసేజ్, అవతలి జవాబు ఒకే తెరలో వచ్చే స్క్రీన్‌షాట్ ఒకటి. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ పెట్టి ఉంటే వెంటనే తీసేయండి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. పేచీ తేలేదాకా ఆ పాత ఫోన్‌ను ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి. రేపు కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అడుగుతారు. అసలు ఫైలు, అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని తేలికవుతుంది.

మరకను కూడా దగ్గరగా చూడండి. అది ఎవరిదో చాలాసార్లు అదే చెప్తుంది. మా కిటికీ దగ్గరవి గోధుమ ఎరుపు రంగులో, అంచు ముదురుగా, మధ్యలో లేతగా ఉన్న రెండు గుండ్రటి మరకలు. ఒక్కోటి పాత రూపాయి బిళ్లంత. టేపు పెట్టి కొలిస్తే వాటి మధ్య దూరం సరిగ్గా రెండడుగులు వచ్చింది. ఇనుప కూలర్ స్టాండ్ కాళ్ల మధ్య ఉండే దూరం అది. నీళ్లు కారి ఇనుము తుప్పు పట్టి, అక్కడే నిలబడితే అలాంటి గుర్తు పడుతుంది. మాది చెక్క మంచం, కాళ్లకు రబ్బరు బుష్షులు ఉన్నాయి. కూలర్ మాకు లేనే లేదు, గదిలో ఏసీ ఉంది కదా. కూలర్ లేదన్న ఆ ఒక్క వాక్యం ఉత్తరంలో పది వాక్యాల వాదన కంటే బలంగా పనిచేసింది.

ఇక్కడ ఒక చిక్కు తెలుసుకోవాలి. కొన్ని ఇళ్లలో మీరు చేరేముందు కార్పెట్ కడిగించి ఉంటారు, చేరిన రోజు ఫోటోలో మరకే కనిపించదు. కానీ మరక కింది పొరలో మిగిలి ఉంటే, తడి ఆరేకొద్దీ అది పైకి లేస్తుంది. కొన్ని రోజుల తర్వాత అదే చోట మళ్లీ తేలుతుంది. అలా తేలిన రోజునే ఫోటో తీసి ఓనర్‌కు పంపాలి. ఖాళీ చేసేటప్పుడు చెప్తే నమ్మడం కష్టం.

అగ్రిమెంట్ కూడా ఒకసారి తీసి చదవండి. మన దగ్గర పదకొండు నెలల అగ్రిమెంట్లలో చాలావరకు ముందే టైపు చేసి పెట్టుకున్న నమూనాలే. "ఇల్లు, అందులోని వస్తువులన్నీ మంచి స్థితిలో అప్పగించడమైనది" అనే వాక్యం దాదాపు ప్రతిదాంట్లో ఉంటుంది. మాదాంట్లోనూ ఉంది. అది చూసి గుండె జారిపోవక్కర్లేదు. అందులో కార్పెట్ పేరు లేదు, అదే రోజు మరకల గురించి పంపిన ఫోటో, ఓనర్ జవాబు ఉన్నాయి. ఆ వాక్యాన్ని మీరే ముందుగా ఉత్తరంలో ఎత్తకండి. అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది, మీ మరకను మీదని ఒప్పుకోండి. మంచం పక్కన టీ ఒలికింది మా వల్లే. దాన్ని దాచి "నాలుగూ పాతవే" అని రాసి ఉంటే, 2023 ఫోటోలో ఆ చోటు శుభ్రంగా కనబడేది. అప్పుడు మిగతా మూడింటి మీద కూడా నమ్మకం పోయేది. అలాగని "ఎంత జాగ్రత్తగా వాడినా మరకలు పడ్డాయి, క్షమించండి" అని మర్యాదకు రాయడమూ ప్రమాదమే. ఏ మరక అని చెప్పకుండా అడిగే క్షమాపణ నాలుగింటికీ చుట్టుకుంటుంది.

మొదటి ఉత్తరంలో చట్టం పేరు ఎత్తకపోవడమే మేలని నా అభిప్రాయం. ఆస్తి బదిలీ చట్టం 1882లోని సెక్షన్ 108 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అద్దెదారు ఇంటిని తాను తీసుకున్నప్పుడు ఉన్న స్థితిలో అప్పగించాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల మినహాయింపు. తీసుకున్నప్పటి స్థితి అనే మాటే మనకు బలం. కానీ పెద్దాయనకు సెక్షన్ నంబరు కనబడగానే అది నోటీసులా అనిపించి, జవాబు వకీలు దగ్గర నుంచి వస్తుంది. దాన్ని రెండో ఉత్తరానికి ఉంచుకోండి.

మేము పంపిన ఉత్తరం ఇది.

"గౌరవనీయులైన అంకుల్ గారికి, నమస్కారం.

రెండేళ్లు మీ ఇంట్లో మమ్మల్ని సొంతవాళ్లలా చూసుకున్నారు. అడ్వాన్స్‌లో 22,000 రూపాయలు అందాయి. పెయింటింగ్‌కు కోసిన 3,500 మనం అనుకున్నదే, దానికి మేము ఒప్పుకుంటున్నాం.

కార్పెట్‌కు కోసిన 10,500 గురించి ఒక మాట. ఆ గదిలో నాలుగు మరకలు ఉన్నాయి. కిటికీ పక్కన రెండు తుప్పు మరకలు, తలుపు దగ్గర నల్ల మరక మేము చేరిన రోజు, అంటే 2023 జూన్ 4న ఉన్నాయి. ఆ రోజు ఉదయం మీకు పంపిన ఫోటోలు, కిటికీ దగ్గరవి పాత కూలర్‌వని మీరిచ్చిన జవాబు ఈ ఉత్తరంతో జతచేశాను. ఖాళీ చేసిన రోజు అదే కోణంలో తీసిన ఫోటోలు కూడా పక్కపక్కన పెట్టాను. మరకలు అదే చోట, అదే ఆకారంలో ఉన్నాయి. మా దగ్గర కూలర్ లేదని మీకు తెలుసు.

మంచం పక్కన ఉన్న టీ మరక మా వల్ల పడింది. దాన్ని శుభ్రం చేయించడానికి 900 అవుతుందని ఇక్కడ క్లీనింగ్ వాళ్లు చెప్పారు. ఆ ఖర్చు మాదే. అది పోను మిగిలిన 9,600 ఈ నెల 30లోపు ఇదే నంబరుకు పంపవలసిందిగా కోరుతున్నాను. నా లెక్కలో పొరపాటు ఉంటే, ఏ మరకకు ఎంత వేశారో, కొటేషన్‌తో సహా తెలియజేయండి. తమ్ముడికి కూడా ఈ ఫోటోలు చూపించగలరు.

ఆంటీకి మా నమస్కారాలు."

అడిగిన మొత్తం ఒక్కటే, గడువు ఒక్కటే అని గమనించండి. "న్యాయంగా ఎంతైతే అంత ఇవ్వండి" అని రాస్తే 2,000 పంపి ఊరుకునే అవకాశం ఉంది. ఏ మరకకు ఎంత అని అడగడం కూడా కావాలనే పెట్టాం. విడదీసి లెక్క వేయమంటే, ఒక టీ మరకకు గది మొత్తం కొత్త కార్పెట్ వేయించడం ఎంత దూరమో వాళ్లకే కనబడుతుంది. తలుపు దగ్గర నల్ల మరకకు ఓనర్ జవాబు లేదు, ఫోటో ఒక్కటే ఉంది. అందుకే దాన్ని కూలర్ మరకలతో కలిపి "మీరే ఒప్పుకున్నారు" అని రాయలేదు. ఆయన ఒప్పుకున్నది రెండింటినే.

ఉత్తరాన్ని వాట్సాప్‌లో పంపి ఊరుకోకుండా, కాగితం మీద సంతకం చేసి, ఫోటోలు ప్రింటు తీసి స్పీడ్ పోస్టులో కూడా పంపాం. రసీదు మీది ట్రాకింగ్ నంబరుతో అది అందిన తేదీ తెలుస్తుంది. రసీదు అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, ఇంటికి రాగానే ఫోటో తీసి పెట్టుకోండి.

గడువు దాటినా జవాబు రాకపోతే, సెక్షన్ మాటతో రెండో ఉత్తరం రాసి మరో పదిహేను రోజులు చూడొచ్చు. అప్పటికీ కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. కేసు వేయకముందే రెండు వైపులనూ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు. సలహా కోసం 15100కు ఫోన్ చేయొచ్చు. పదివేల కోసం నేరుగా సివిల్ కోర్టుకు వెళ్తే తిరగడానికే అంత అవుతుంది.

మాకు అంత దూరం రాలేదు. ఉత్తరం అందిన నాలుగో రోజు ఓనర్ గారే ఫోన్ చేశారు. కూలర్ సంగతి తనకు గుర్తుందన్నారు. టీ మరకకు తమ క్లీనింగ్ మనిషి 1,500 అడుగుతున్నాడన్నారు. బిల్లు ఫోటో పంపమన్నాం, పంపారు. 9,000 వచ్చింది. అదే రోజు మా ఆవిడ "9,000 అందింది అంకుల్, అడ్వాన్స్ లెక్క పూర్తిగా ముగిసింది" అని రాసి పంపింది.