సెంట్లలో ఉన్న స్థలాన్ని గజాల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవడం: విలువ లెక్క, దరఖాస్తు విధానం (ఆంధ్రప్రదేశ్)

పాత దస్తావేజులో స్థలం సెంట్లలో ఉంటుంది. బేరం గజాల్లో జరుగుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇళ్ల స్థలాలకు ప్రభుత్వ విలువ చదరపు గజానికి ఇంత అని రాసి ఉంటుంది, పొలాలకైతే ఎకరానికి ఇంత అని ఉంటుంది. ఈ కొలతలన్నీ ఒకే స్థలానివి. వీటిని కలిపే లెక్క చిన్నదే అయినా, అది తప్పితే కొన్నవాళ్లు లేని నేలకు డబ్బు కడతారు, లేదంటే రిజిస్ట్రేషన్ రోజున చలానా చాలక వెనక్కి తిరుగుతారు. అందుకే ఆన్‌లైన్ దరఖాస్తు తెరవడానికి ముందే ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి.

ఎకరం 4,840 చదరపు గజాలు. దాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం సెంటు. అంటే సెంటుకు 48.4 గజాలు, అడుగుల్లో 435.6 చదరపు అడుగులు. గజానికి 9 చదరపు అడుగులు. ఈ మూడూ గుర్తుంటే చాలు, మిగతావన్నీ వీటి నుంచే వస్తాయి. తెలంగాణలో సెంటుకు బదులు గుంట వాడతారు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి గుంట 121 గజాలు, అంటే సరిగ్గా రెండున్నర సెంట్లు. 33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు ఉన్న స్థలం 242 గజాలు. అది ఇక్కడ ఐదు సెంట్లు, అక్కడ రెండు గుంటలు.

దస్తావేజులో అంకె రాసే తీరు దగ్గర ఒక చిక్కు ఉంది. ఆంధ్రలో 1-20 అని ఉంటే ఎకరం ఇరవై సెంట్లు, అంటే 1.20 ఎకరాలు. అదే అంకె తెలంగాణ కాగితంలో ఉంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. అలాగే 0-05 అంటే ఐదు సెంట్లు. ఎవరైనా దాన్ని 0.5 అని ఎక్కిస్తే అది యాభై సెంట్లు అయిపోతుంది. లింకు డాక్యుమెంట్ చదివేటప్పుడు గీత తర్వాత వచ్చే సున్నాను వదలకుండా చూడండి.

ఇప్పుడు ఒక స్థలం తీసుకుందాం. అంకెలు ఉదాహరణకు అనుకున్నవే. దస్తావేజులో నాలుగున్నర సెంట్లు అని ఉంది. గజం 12,500 రూపాయలకు బేరం కుదిరింది.

```
4.5 × 48.4 = 217.8 గజాలు
217.8 × 12,500 = 27,22,500 రూపాయలు
```

అమ్మేవాళ్లు అడిగే మొత్తం ఇదే. వాళ్ల వైపు నుంచి లెక్క సరైనదే. కానీ టేపు పట్టి కొలిస్తే తూర్పు పడమరలు 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 54 అడుగులు వచ్చాయి.

```
36 × 54 = 1,944 చదరపు అడుగులు
1,944 ÷ 9 = 216 గజాలు
216 × 12,500 = 27,00,000 రూపాయలు
```

తేడా 1.8 గజాలే, డబ్బులో మాత్రం 22,500 రూపాయలు. ఇలాంటి తేడా రావడానికి మామూలు కారణం ఒకటుంది. పూర్వం పంపకాలు చేసినప్పుడు సెంటుకు 48 గజాలని గుండ్రంగా కొలిచి హద్దులు పెట్టి, కాగితంలో మాత్రం సెంట్లు రాసి ఉంటారు. నాలుగున్నరను 48తో హెచ్చిస్తే సరిగ్గా 216 వస్తుంది. అలా కాకపోతే సందు కోసం కొంత వదిలి ఉండవచ్చు, లేదా పక్కవాళ్ల గోడ లోపలికి జరిగి ఉండవచ్చు. మీకు వచ్చిన తేడా మొత్తం సెంట్లకు 0.4 గజం చొప్పున సరిపోతే మొదటిదే కారణం కావచ్చు. సరిపోకపోతే ఏ వైపు తగ్గిందో చూసుకోవాలి, అవసరమైతే సర్వేయర్‌తో కొలిపించాలి.

డబ్బు ఏ అంకెకు కట్టాలి? నా మాట ఒకటే: నేల మీద ఎంత ఉంటే అంతకే. గజం లెక్కన బేరమాడినప్పుడు కొలిచి వచ్చిన గజాలకే రేటు కట్టాలి, దస్తావేజులో కూడా ఆ 216నే రాయించాలి. నాలుగు వైపులా హద్దులు, ఒక్కో వైపు ఎన్ని అడుగులో కూడా అందులో ఉండాలి. తర్వాత ఎప్పుడైనా తగాదా వస్తే, విస్తీర్ణానికీ హద్దులకూ పొసగనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తాయి. కాగితం మీద ఎక్కువ గజాలు రాయించుకున్నంత మాత్రాన ఆ నేల రాదు.

బేరం సెంటు లెక్కన జరిగితే మరో జాగ్రత్త కావాలి. సెంటు ఆరు లక్షలు అంటే గజం 12,500 అని చాలామంది నోటికి అనేస్తారు. అది 48తో భాగించిన లెక్క. నిజానికి 6,00,000ను 48.4తో భాగించాలి, అప్పుడు గజం సుమారు 12,397 రూపాయలు. ఒప్పందం కాగితంలో రేటు ఏ కొలతకు చెప్పారో, విస్తీర్ణం కూడా అదే కొలతలో రాస్తే ఈ గొడవ ఉండదు.

స్థలం చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో లేకపోతే ఎదురెదురు వైపుల సగటు తీసి హెచ్చించడం మన దగ్గర అలవాటు. నాలుగు మూలలూ సరిగ్గా లేని స్థలానికి ఆ పద్ధతి ఎప్పుడూ నిజం కంటే ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. అంటే నష్టపోయేది కొనేవాళ్లే. ఒక మూల నుంచి ఎదురు మూలకు కూడా టేపు పట్టి, స్థలాన్ని రెండు త్రిభుజాలుగా చేసి లెక్క కడితే అసలు విస్తీర్ణం తెలుస్తుంది. ఆ అడ్డకొలత తీసుకోమని కొలిచేవాళ్లను అడగండి, రెండు నిమిషాల పని.

ఇక ప్రభుత్వ విలువ. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ వెబ్‌సైటు registration.ap.gov.in లో మార్కెట్ విలువలు చూసుకోవచ్చు. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని, ఇంటి స్థలమైతే వ్యవసాయేతర భూమి వైపు, పొలమైతే వ్యవసాయ భూమి వైపు వెళ్లాలి. అనుమానం ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వే నంబరు లేదా డోర్ నంబరు చెప్పి అడగండి. రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించిన విలువలు అమల్లోకి వచ్చాయి. కాబట్టి అంతకుముందు పక్క స్థలం కొన్నవాళ్లు చెప్పిన అంకె మీద ఆధారపడకండి.

మన స్థలానికి ప్రభుత్వ విలువ గజం 7,000 అనుకుందాం. 216 గజాలకు 15,12,000. మనం కొన్నది 27 లక్షలకు. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీదే సుంకం కట్టాలి. అమ్మకం దస్తావేజుకు ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం.

```
27,00,000 × 5%   = 1,35,000
27,00,000 × 1.5% =   40,500
27,00,000 × 1%   =   27,000
మొత్తం           = 2,02,500
```

వీటికి తోడు కొద్దిపాటి యూజర్ ఛార్జీలు ఉంటాయి. అదే ప్రభుత్వ విలువ గజం 14,000 ఉన్న చోటైతే 216 గజాలకు 30,24,000 అవుతుంది. మీరు 27 లక్షలకే కొన్నా సుంకం 30,24,000 మీదే, అంటే 2,26,800 రూపాయలు. బేరం కుదరకముందే ఈ అంకె చూసుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు.

లెక్కంతా తేలాక దరఖాస్తు మొదలుపెట్టండి. అదే వెబ్‌సైటులో ఖాతా తెరిచి, కొనేవాళ్ల, అమ్మేవాళ్ల వివరాలు, ఆస్తి వివరాలు నింపాలి. డాక్యుమెంట్ రైటర్ చేత చేయించినా ఆస్తి వివరాల పేజీ మాత్రం మీరే చదవండి. అక్కడ చూడాల్సినవి మూడు: ఇది ఇంటి స్థలమా, పొలమా, విస్తీర్ణం అంకె, ఆ అంకె పక్కన ఉన్న కొలత. గజాలు అడిగిన చోట 4.5 అని ఎక్కితే ప్రభుత్వ విలువ 31,500 రూపాయలే వస్తుంది. అమ్మకం ధర ఎక్కువ కాబట్టి సుంకం మాత్రం మారదు, అందువల్ల ఈ తప్పు ఎవరి కంటా పడకుండా జారిపోతుంది. దస్తావేజులో మాత్రం మీరు నాలుగున్నర గజాల యజమాని అవుతారు.

పొలం సర్వే నంబరులో వేసిన స్థలాలతో మరో ఇబ్బంది ఉంది. ఆ నంబరుకు ఎకరం 30 లక్షల విలువ ఉంటే సెంటు 30,000, గజం సుమారు 620 రూపాయలు పడుతుంది. సెంట్లలో చూపిస్తే సుంకం తగ్గుతుందని కొందరు సలహా ఇస్తారు. కానీ అడుగుల కొలతలు, దారి, పక్కన ఇళ్లు ఉన్న ముక్కను సబ్ రిజిస్ట్రార్ ఇంటి స్థలంగానే లెక్క కట్టవచ్చు. విలువ తక్కువ చూపారని తేలితే తేడా కట్టమంటారు, లేదా భారత స్టాంపు చట్టం 47-ఎ సెక్షన్ కింద దస్తావేజును పెండింగ్‌లో పెట్టి విలువ తేల్చమని పైకి పంపుతారు. ఆ సలహా వినకండి.

వివరాలు నింపాక సుంకం చెల్లించి, స్లాట్ తీసుకుని, ఆ రోజున ఇరువర్గాలూ ఇద్దరు సాక్షులతో ఆఫీసుకు వెళ్లాలి. అసలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఆధార్, పాన్, ఫొటోలు దగ్గర ఉంచుకోండి. సంతకాలు చేసిన దస్తావేజును నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. ఆఫీసులో చెక్ స్లిప్ తీస్తారు. అందులో విస్తీర్ణం, కొలత, రేటు, విలువ, కట్టాల్సిన మొత్తం ఉంటాయి. మన లెక్క ప్రకారం అక్కడ 216 చదరపు గజాలు, మార్కెట్ విలువ 15,12,000, అమ్మకం ధర 27,00,000 కనిపించాలి. మీ కాగితం పక్కన పెట్టి ఒక్కో అంకె పోల్చుకోండి. విలువ వందో వంతుకు పడిపోయినా, వంద రెట్లు పెరిగినా, దాదాపు ఎప్పుడూ సెంట్ల దగ్గరో దశాంశం చుక్క దగ్గరో పొరపాటు జరిగి ఉంటుంది.

వేలిముద్ర వేయక ముందు తప్పు కనబడితే అక్కడికక్కడే సరిచేయించవచ్చు. దస్తావేజుకు నంబరు పడ్డాక కనబడితే సవరణ దస్తావేజు రాయించాలి, దానికి అమ్మినవాళ్లు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి.